తప్పు అంకె నొక్కితే తాళం ఎక్కడికి వెళ్లాలి? 2725 కోడ్‌తో ఒక డిజిటల్ తాళం

మా పిన్ని కొడుకు బెంగళూరులోనే ఇంజినీరింగ్ చదువుతున్నాడు, మారతహళ్లిలో పీజీలో ఉంటాడు. ఒక ఆదివారం పొద్దున్నే ల్యాబ్ నుంచి తెచ్చుకున్న, కోడ్ రాసి మనకు కావలసిన సర్క్యూట్‌గా మార్చుకోగల ఎఫ్‌పీజీఏ బోర్డు, ఎస్పీ రోడ్‌లో కొన్న కీప్యాడ్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "అన్నా, కోడ్ కరెక్ట్‌గానే నొక్కుతున్నాను. ఒక్కోసారి తెరుచుకుంటుంది, ఒక్కోసారి తెరుచుకోదు. ఎల్లుండే డెమో" అన్నాడు. వాడి మొహంలో టెన్షన్ కనిపిస్తూనే ఉంది.

వాడు గీసుకున్న స్టేట్ బొమ్మ చూశాను. వాళ్లకు ఇచ్చిన ప్రశ్నకు అది సరిగ్గా సరిపోతుంది: నాలుగు అంకెలు వరసగా సరిగ్గా పడితే తెరువు, తప్పు అంకె పడితే మొదటికి వెళ్లు. తేడా బొమ్మలో లేదు, ఆ ప్రశ్నలోనే ఉంది. "మొదటికి వెళ్లు" అనే రెండు మాటల్లో ఎన్ని చిక్కులున్నాయో ఆ రోజు సాయంత్రం దాకా ఇద్దరం కూర్చుని విప్పుకున్నాం. అదే వరసలో ఇక్కడ రాస్తున్నాను.

## తాళం ఏం గుర్తుపెట్టుకోవాలి

మన కోడ్ 2725 అనుకుందాం. ఇందులో 2 రెండుసార్లు వస్తుంది. కావాలనే అలాంటిది ఎంచుకున్నాను. 1234 లాంటి కోడ్‌తో పరీక్షిస్తే కొన్ని చిక్కులు బయటపడవు.

అప్పటిదాకా నొక్కిన అంకెలన్నీ తాళం దాచుకోనక్కర్లేదు. కోడ్‌లో ఎంతవరకు సరిగ్గా వచ్చామో తెలిస్తే చాలు. ఏమీ రాలేదు, 2 వచ్చింది, 27 వచ్చింది, 272 వచ్చింది, 2725 పూర్తయింది. ఇంతకు మించి గతంతో దానికి పని లేదు. ఈ అయిదు పరిస్థితులే అయిదు స్టేట్లు. వాటిని S0, S1, S2, S3, S4 అందాం. S4లో ఉన్నప్పుడు మాత్రమే తలుపు తెరిచి ఉంటుంది. అవుట్‌పుట్ స్టేట్ ఒక్కదాని మీదే ఆధారపడుతుంది కాబట్టి ఇది మూర్ మెషిన్. తాళానికి ఇదే మేలు. కీప్యాడ్ తీగలో ఏదో క్షణం పిచ్చి సిగ్నల్ వచ్చినా అది నేరుగా తలుపు దాకా పోదు, మధ్యలో ఒక్కో బిట్‌ను దాచుకునే ఫ్లిప్‌ఫ్లాప్‌లు అడ్డుంటాయి.

వాడు గీసిన మొదటి బొమ్మ ఇది:

```
     2        7        2        5
S0 ----> S1 ----> S2 ----> S3 ----> S4
^        |        |        |        |
|        |≠7      |≠2      |≠5      |ఏదైనా
+--------+--------+--------+--------+
```

S0లో ఉండగా 2 కానిది నొక్కితే అక్కడే ఉంటుంది. ఆ బాణం బొమ్మలో గీయలేదు. తలుపు తెరుచుకున్నాక ఏ కీ నొక్కినా మళ్లీ తాళం పడుతుంది.

బొమ్మ గీశాక పట్టిక తప్పకుండా రాయండి. బొమ్మలో ఒక బాణం మర్చిపోయినా కంటికి తెలియదు. పట్టికలో అయితే గడి ఖాళీగా కనిపిస్తుంది.

| ఇప్పుడున్న స్టేట్ | 2 | 5 | 7 | మిగతా అంకెలు |
|---|---|---|---|---|
| S0 | S1 | S0 | S0 | S0 |
| S1 | S0 | S0 | S2 | S0 |
| S2 | S3 | S0 | S0 | S0 |
| S3 | S0 | S4 | S0 | S0 |
| S4 | S0 | S0 | S0 | S0 |

అయిదు స్టేట్లకు మూడు ఫ్లిప్‌ఫ్లాప్‌లు కావాలి. మూడింటితో ఎనిమిది స్టేట్లు వస్తాయి కాబట్టి మూడు మిగిలిపోతాయి. ఆ మూడింటిని గుర్తుంచుకోండి, వాటితో తర్వాత పని ఉంది.

## ఒక్క నొక్కు ఒక్కసారే లెక్కకు రావాలి

స్టేట్ బొమ్మను తప్పుపట్టే ముందు కీప్యాడ్ సంగతి తేల్చుకోవాలి. లేకపోతే ఏ తప్పు ఎక్కడి నుంచి వస్తోందో అర్థం కాదు.

వాడి బోర్డు క్లాక్ 50 మెగాహెర్ట్జ్. మనిషి కీ నొక్కి వదలడానికి 150 మిల్లీసెకండ్లు పట్టిందనుకుంటే, ఆలోపు 75 లక్షల క్లాక్‌లు గడిచిపోతాయి. స్టేట్ మెషిన్ ప్రతి క్లాక్‌కూ అంకెను చదివితే, మనం ఒక్కసారి 2 నొక్కితే దానికి 75 లక్షల 2లు కనిపిస్తాయి. మొదటి 2కి S1కి వెళ్తుంది. రెండో 2 దానికి తప్పు అంకె, కాబట్టి S0కి వస్తుంది. మూడో 2కి మళ్లీ S1. వేలు తీసేదాకా అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. వేలు తీసిన క్షణానికి ఎక్కడుంటే అక్కడ ఆగుతుంది.

దీన్ని కళ్లతోనే పట్టుకోవచ్చు. పరీక్షించేటప్పుడు ఒక్కో స్టేట్‌కు ఒక ఎల్‌ఈడీ పెట్టండి. 2ను నొక్కి పట్టుకున్నప్పుడు S0, S1 ఎల్‌ఈడీలు రెండూ సగం వెలుగుతో మసగ్గా కనిపిస్తే ఇదే జబ్బు. వదిలాక ఒక్కోసారి ఒకటి, ఒక్కోసారి ఇంకొకటి వెలుగుతుంది.

దీనికి మందు చిన్నదే. కీ నొక్కి ఉన్నంతసేపూ కాకుండా, నొక్కిన ఆ మొదటి క్లాక్‌కు మాత్రమే ఒక పల్స్ పుట్టించాలి:

```verilog
reg down_d;
always @(posedge clk)
  down_d <= key_down;
wire press = key_down & ~down_d;
```

కిందటి క్లాక్‌లో నొక్కలేదు, ఇప్పుడు నొక్కి ఉంది అంటేనే `press` ఒకటవుతుంది. వేలు ఎంతసేపు ఉంచినా మళ్లీ రాదు.

అయితే ఇది పనిచేయాలంటే `key_down` శుభ్రంగా ఉండాలి. కీ లోపలి లోహపు రేకులు తగిలినప్పుడు ఒక్కసారిగా అతుక్కోవు. కొన్ని మిల్లీసెకండ్ల పాటు తగులుతూ విడిపోతూ ఉంటాయి. దీన్నే బౌన్స్ అంటారు. ప్రతి తగులుకూ ఒక పల్స్ పుడితే ఒక్క 2 కాస్తా 2, 2, 2 అవుతుంది. ఈసారి ఎల్‌ఈడీలు మసగ్గా ఉండవు, ఒకటే నిండుగా వెలుగుతుంది, కానీ ఏది వెలుగుతుందో ముందుగా చెప్పలేం. రెండు జబ్బులకూ తేడా ఇలా తెలుస్తుంది. బౌన్స్ పోవాలంటే సిగ్నల్ 20 మిల్లీసెకండ్లు కదలకుండా నిలిచాకే దాన్ని నమ్మాలి. 50 మెగాహెర్ట్జ్‌కు అది 10 లక్షల క్లాక్‌ల లెక్క, 20 బిట్ల కౌంటర్ సరిపోతుంది. దానికంటే ముందు కీప్యాడ్ సిగ్నల్‌ను వరసగా రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల గుండా పంపండి, ఎందుకంటే మన వేలికి క్లాక్ ఎప్పుడు కొడుతుందో తెలియదు.

మావాడు ఇవన్నీ చేశాడు. అయినా తాళం ఒక్కోసారి తెరుచుకోవడం లేదు.

## అసలు తప్పు దొరికిన చోటు

"తెరుచుకోని ప్రతిసారీ అంతకుముందు ఏం నొక్కావో కాగితం మీద రాయి" అన్నాను. పది నిమిషాల్లో ఒక జత దొరికింది. ముందు తప్పు కోడ్ పరీక్షగా 1927 నొక్కాడు. వెంటనే సరైన కోడ్ 2725 నొక్కాడు. తెరుచుకోలేదు. అదే వరస ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకోలేదు. ఒక్కోసారి వచ్చే తప్పు కాస్తా ప్రతిసారీ వచ్చే తప్పయింది. ఇక దాన్ని పట్టుకోవడం తేలిక.

పై పట్టికతో వేలు పెట్టి నడుద్దాం. 1 తప్పు, S0. 9 తప్పు, S0. తర్వాత 2. మన దృష్టిలో అది తప్పు కోడ్‌లో మూడో అంకె. తాళానికి మాత్రం అది కొత్త ప్రయత్నంలో మొదటి అంకె, S1. 7 వస్తే S2. మనం తప్పు కోడ్ ముగించాం అనుకుంటున్నాం, తాళం సగం కోడ్ వచ్చేసింది అనుకుంటోంది. ఇప్పుడు సరైన కోడ్ మొదలుపెడితే 2కి S3, 7 తప్పు కాబట్టి S0, 2కి S1, 5 తప్పు కాబట్టి S0. తలుపు కదలదు.

అంటే తప్పు అంకె పడగానే రీసెట్ అయ్యే తాళానికి, ప్రయత్నం ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో మనకున్న లెక్క ఒకటి, దానికున్న లెక్క ఇంకొకటి. మధ్యలో రీసెట్ అయితే మిగిలిన అంకెలు కొత్త ప్రయత్నంలోకి జారిపోతాయి.

ఇంకో మామూలు సందర్భం కూడా ఉంది. తొందరలో 2ను రెండుసార్లు నొక్కేశాం, తర్వాత 725 సరిగ్గా నొక్కాం. అంటే 22725. మొదటి 2కి S1, రెండో 2కి S0, 7కి S0, 2కి S1, 5కి S0. చివరి నాలుగు అంకెలు సరైన కోడే, అయినా తెరుచుకోదు. రెండో 2 పాత ప్రయత్నానికి తప్పే, కానీ కొత్త ప్రయత్నానికి సరైన మొదటి అంకె. ఆ అంకెను తాళం రీసెట్ కోసం వాడేసి పారేసింది.

## రెండు మార్గాలు

ఇక్కడ రెండు దారులున్నాయి. రెండూ సరైనవే, కానీ రెండూ ఒకే రకం తాళాలు కావు.

మొదటి దారిలో, తప్పు అంకె పడ్డప్పుడు గుడ్డిగా S0కి పోకుండా, ఇప్పటిదాకా వచ్చిన అంకెల చివరి భాగం కోడ్ మొదటి భాగంతో ఎంతవరకు సరిపోతుందో చూసి అక్కడికి వెళ్లాలి. S1లో 2 పడితే చివరి అంకె 2 కాబట్టి S1లోనే ఉండాలి. S3లో 2 పడితే 2722 వచ్చింది, చివరి 2 మాత్రమే పనికొస్తుంది, S1కి వెళ్లాలి. S3లో 7 పడితే 2727 వచ్చింది, చివరి 27 పనికొస్తుంది, S2కి వెళ్లాలి. ఈ చివరిదే చాలామంది మర్చిపోతారు. "తప్పయితే, అది మొదటి అంకె అవునో కాదో చూడు, అయితే S1, లేకపోతే S0" అని రాసుకుంటారు. 1234కి అది చాలు, 2725కి చాలదు. మార్చిన గడులు ఇవి మూడే, మిగతా పట్టిక అలాగే ఉంటుంది. ఇప్పుడు 1927, 2725 వరస నడిపిస్తే S0, S0, S1, S2, S3, S2, S3, S4. తెరుచుకుంటుంది.

దీన్ని సీక్వెన్స్ డిటెక్టర్ అంటారు. ఏ నాలుగు అంకెలైనా వరసగా సరిపోతే చాలు, ముందు ఏముందన్నది దానికి అనవసరం. తాళం వాడేవాళ్లకు ఇది సౌకర్యమే, కానీ దొంగకూ అంతే సౌకర్యం. నాలుగంకెల కోడ్‌లు 10,000 ఉంటాయి. ఒక్కోటీ విడిగా నొక్కాలంటే 40,000 నొక్కులు. కానీ ఈ తాళం ముందు ప్రతి అంకె నాలుగు కోడ్‌లలో భాగమవుతుంది. డచ్ గణిత శాస్త్రవేత్త డి బ్రూయిన్ పేరుతో పిలిచే అంకెల వరసలో 10,000 కోడ్‌లూ ఒక్కోటి ఒక్కసారి వచ్చేస్తాయి, మొత్తం పొడవు 10,003 అంకెలే. సెకండుకు ఒకటి చొప్పున నొక్కితే మూడు గంటలు కూడా పట్టదు. 40,000 అయితే పదకొండు గంటలు దాటుతుంది.

అందుకే తాళానికి నేను రెండో దారి ఎంచుకుంటాను: తప్పు అంకె పడ్డా నాలుగు అంకెలూ నిండేదాకా ఆగి, అప్పుడు రీసెట్ కావడం. తాళం లోపల విషయం తెలుసు, బయటికి చెప్పదు. దానికి కావలసినవి "ఒక అంకె వచ్చింది, ఇప్పటికే తప్పు", "రెండు వచ్చాయి, ఇప్పటికే తప్పు", "మూడు వచ్చాయి, ఇప్పటికే తప్పు" అనే మూడు కొత్త స్టేట్లు. W1, W2, W3. మూడు ఫ్లిప్‌ఫ్లాప్‌లలో మిగిలిపోయినవి సరిగ్గా మూడు. ఒక్క ఫ్లిప్‌ఫ్లాప్ కూడా అదనంగా అక్కర్లేదు.

```
     2        7        2        5
S0 ----> S1 ----> S2 ----> S3 ----> S4
|        |        |        |        |
|≠2      |≠7      |≠2      |≠5      |ఏదైనా
v        v        v        v        v
W1 ----> W2 ----> W3 ----> S0       S0
```

ఇది రెండు అంతస్తుల ఇల్లులా ఉంది చూడండి. పై అంతస్తులో నడుస్తున్నంతసేపు అన్నీ సరైనవే. ఒక్క తప్పు పడితే కింది అంతస్తుకు దిగిపోతాం. అక్కడి నుంచి పైకి మెట్లు లేవు, ఏ అంకె నొక్కినా కుడివైపు ఒక గది ముందుకు జరగడమే. ఏ అంతస్తులో ఉన్నా నాలుగో అంకెతో ప్రయత్నం ముగుస్తుంది.

1927: W1, W2, W3, S0. తర్వాత 2725: S1, S2, S3, S4. తెరుచుకుంది.

కోడ్ దాదాపు బొమ్మను చూసి రాసినట్టే ఉంటుంది:

```verilog
localparam S0=3'd0, S1=3'd1, S2=3'd2, S3=3'd3,
           S4=3'd4, W1=3'd5, W2=3'd6, W3=3'd7;
reg [2:0] st;

always @(posedge clk)
  if (rst) st <= S0;
  else if (press) begin
    if (digit == 4'd10) st <= S0;
    else case (st)
      S0: st <= (digit == 4'd2) ? S1 : W1;
      S1: st <= (digit == 4'd7) ? S2 : W2;
      S2: st <= (digit == 4'd2) ? S3 : W3;
      S3: st <= (digit == 4'd5) ? S4 : S0;
      S4: st <= S0;
      W1: st <= W2;
      W2: st <= W3;
      W3: st <= S0;
    endcase
  end

assign open = (st == S4);
```

ఇందులో 10 అంటే `*` కీ. కీప్యాడ్ చదివే భాగం ఆ కీకి 10 పంపేలా పెట్టుకున్నాం. ఈ కీ ఎందుకంటే, 22725 చిక్కు ఈ తాళంలోనూ పోలేదు. 2272తో ఒక ప్రయత్నం ముగిసి, 5తో ఇంకోటి మొదలై W1లో నిలుస్తుంది. తలుపు దగ్గరకు వచ్చిన మనిషికి తాళం ఏ గదిలో ఉందో తెలియదు, తెలియకూడదు కూడా. కాబట్టి "ముందు `*` నొక్కి తర్వాత కోడ్ నొక్కండి" అనేదే నియమం. ఎవరో సగం నొక్కి వెళ్లిపోతే ఆ సగం అలాగే మిగిలిపోకుండా, 5 సెకండ్లు ఏ కీ పడకపోతే తనంతట తాను S0కి వెళ్లేలా ఒక టైమర్ కూడా పెట్టుకోవచ్చు. అయితే ఆ టైమర్ S4కు వర్తించకూడదు, లేదా తలుపు తీసే సమయం చాలేంత పెద్దదిగా ఉండాలి.

`rst` కరెంటు రాగానే ఒకసారి తప్పక పనిచేయాలి. ఎనిమిది స్టేట్లూ వాడేశాం కాబట్టి దారి తప్పిన స్టేట్ అంటూ లేదు. కానీ కరెంటు పోయి వచ్చినప్పుడు ఫ్లిప్‌ఫ్లాప్‌లు బైనరీలో 100 విలువతో లేచాయంటే అది S4, తలుపు తెరిచే ఉంటుంది.

## బజర్ ఎక్కడ మోగాలి

మావాడి తాళంలో తప్పు అంకె పడగానే బజర్ మోగేది. డెమోలో బాగుంటుందని పెట్టాడు. "దీన్ని నేను కోడ్ తెలియకుండా తెరుస్తాను, చూడు" అని కూర్చున్నాను. 0 నొక్కాను, మోగింది. 1 నొక్కాను, మోగింది. 2 నొక్కాను, మోగలేదు. మొదటి అంకె దొరికింది. తర్వాత 2 నొక్కి 0, 2 నొక్కి 1, ఇలా 7 దాకా. ఒక్కో స్థానానికి ఎక్కువలో ఎక్కువ పది ప్రయత్నాలు. మొదటి స్థానానికి 10 నొక్కులు, రెండోదానికి ముందు అంకె మళ్లీ నొక్కాలి కాబట్టి 20, తర్వాత 30, 40. మొత్తం కలిపి 100 నొక్కులకు మించదు. 40,000 ఎక్కడ, 100 ఎక్కడ! రెండు నిమిషాల్లో తలుపు తెరుచుకుంది. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

రెండంతస్తుల బొమ్మలో బజర్‌కు సరైన చోటు తనంతట తానే దొరుకుతుంది. ప్రయత్నం విఫలమయ్యే బాణాలు రెండే: W3 నుంచి S0కి, S3 నుంచి తప్పు అంకెతో S0కి. రెండూ నాలుగో అంకె దగ్గరే ఉన్నాయి. బజర్ అక్కడ మోగితే ఏ అంకె తప్పో బయటివాడికి తెలియదు.

తప్పులు లెక్కపెట్టే కౌంటర్ కూడా ఆ రెండు బాణాల మీదే పెట్టాలి. అయిదు తప్పు ప్రయత్నాల తర్వాత ఒక నిమిషం కీప్యాడ్ పనిచేయకుండా చేస్తే, 10,000 కోడ్‌లూ ప్రయత్నించేవాడికి నిరీక్షణకే 2,000 నిమిషాలు, అంటే 33 గంటలు పైగా పోతుంది. పాత బొమ్మలో ఈ లెక్క కుదిరేదే కాదు, ఎందుకంటే 1927 నొక్కితే 1కి ఒకటి, 9కి ఒకటి అని రెండు తప్పులు పడేవి. ఒక్క జాగ్రత్త: `*` నొక్కితే స్టేట్ మాత్రమే S0కి రావాలి, తప్పుల కౌంటర్ సున్నా కాకూడదు. సరైన కోడ్‌తో S4 చేరినప్పుడే అది సున్నా కావాలి.

## బోర్డు మీద పరీక్ష

మేం ఆ రోజు బోర్డు మీద నడిపిన వరసలు ఇవి. ప్రతిదానికీ ముందు ఎల్‌ఈడీలు ఏ స్టేట్ చూపాలో కాగితం మీద రాసుకుని, తర్వాత నొక్కి సరిచూశాం. "దాని వెంటనే" అన్నచోట తప్ప, ప్రతి వరసా `*` నొక్కి S0 నుంచే మొదలుపెట్టాం.

- `2725`: S1, S2, S3, S4
- `1927` వెంటనే `2725`: W1, W2, W3, S0, S1, S2, S3, S4
- `272725`: S1, S2, S3, S0, S1, W2. తెరుచుకోకూడదు. సీక్వెన్స్ డిటెక్టర్ అయితే ఇక్కడ తెరుచుకుంటుంది.
- `22725`: S1, W2, W3, S0, W1. తెరుచుకోకూడదు.
- దాని వెంటనే `*2725`: S0, S1, S2, S3, S4
- 2ను అయిదు సెకండ్లు నొక్కి పట్టుకోవడం: S1 ఒక్కటే, నిండు వెలుగుతో

చివరి వరసలో మొదటిసారి W2 వెలిగింది. బౌన్స్ కౌంటర్‌ను వాడు 20 బిట్లకు బదులు 16 బిట్లతో రాశాడు. అది 65,536 దగ్గరే, అంటే 1.3 మిల్లీసెకండ్లకే నిండిపోతోంది, ఈ కీప్యాడ్ బౌన్స్ అంతకంటే ఎక్కువసేపు ఉంది. కౌంటర్ సరిచేశాక ఇరవైసార్లు నొక్కి చూశాం, ప్రతిసారీ S1 దగ్గరే నిలిచింది.

స్టేట్ ఎల్‌ఈడీల తీగలు డెమోకు ముందు పీకేయమని చెప్పాను. అవి వెలుగుతున్నంతకాలం బజర్ చెప్పిన రహస్యాన్నే అవీ చెబుతాయి.